గుడ్డేది?

ముత్తంగి దగ్గర రింగు రోడ్డుకు మట్టి పోస్తున్న రోజులు. ఆరు, ఏడు తరగతుల పిల్లలకు కూడా బడిలో అన్నం పెట్టడం ఆ ఏడే మొదలైంది. మా ఊరి బడిలో వంట చేసేది నా భార్య మొగులమ్మ. నేను ఫ్యాక్టరీ పని మానేసి ఆమెకు కట్టెలు కొట్టి, నీళ్లు మోసేవాణ్ణి. గంట కొట్టడం కూడా నా మీదే పడింది. మాటల పని అంతా మొగులమ్మ చూసుకునేది.

ఆ ఏడాదే హమీదున్నీసా టీచర్ వచ్చింది. సంగారెడ్డి నుంచి బస్సులో వచ్చేది. తెలుగు చెప్పేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు. తండ్రి గులాం మొహమ్మద్ టైలరు. ఉర్దూ పంతులమ్మవు అవుతావనుకుంటే తెలుగు చదివావేమని ఆయన కొన్నాళ్లు మాట్లాడలేదట. ఆమె తెలుగు బాగుండేది. కాని ఒక్కో మాటను విడివిడిగా, కడిగి పెట్టినట్టు పలికేది.

ఒకరోజు హెడ్మాస్టర్ వెంకటరామయ్య సారు వంటపాక దగ్గరే ఆమెతో మాట్లాడాడు. చెడ్డవాడు కాదు. మొగమాటం మనిషి.

"మేడమ్, ఊళ్లో నలుగురు అడుగుతున్నరు. ఇంట్ల తెలుగు లేనామె మా పిల్లలకు తెలుగెట్ల చెప్తదని. శుక్రవారం చుట్టుపక్కల బడుల టీచర్లు మన బడికొస్తరు. సంధుల మీద మాదిరి పాఠం మీరు చెప్పుండ్రి. మంచిగైతే ఎవ్వల నోరూ లేవది. కాకుంటే వచ్చే నెల నుంచి మీకు సోషల్ పాఠాలిస్త. తెలుగు ఇంకొకరికిస్త."

ఆమె తలూపింది. ఆయన వెళ్లాక పొయ్యి దగ్గర పీటేసుకుని కూర్చుంది.

"పుస్తకంలో ఉదాహరణలన్నీ పద్యాలలోవి. పిల్లలు కంఠతా పడతారు, మర్నాడు మరిచిపోతారు. మొగులమ్మా, మీరు రోజూ మాట్లాడుకునే మాటలతో పాఠం తయారు చేసుకోవాలి. కొన్ని చెప్పండి."

పొద్దంతా గలగలలాడే నా భార్య కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుంది.

"మేము... అన్నము... తిన్నాము... అండి."

నాకు నవ్వొచ్చింది. టీచర్ నవ్వలేదు.

"అట్లా కాదు. మామూలుగా."

"మామూలుగనే చెప్తున్న అండి."

ఆ రెండు మూడు రోజులు టీచర్ ఎక్కడికి పోయినా అదే సంగతి. బోరింగు దగ్గర ఆడవాళ్లు ఆమెను చూస్తే కొట్లాట ఆపి "నమస్తే టీచర్" అనేవాళ్లు. ఆటోలో మంచి సీటిచ్చి మూగవాళ్లయ్యేవాళ్లు. పిల్లలైతే చేతులు కట్టుకునేవాళ్లు. టీచర్ ముందు ఎవరూ తమ నోటితో తాము మాట్లాడరు. ఆమె పాఠం కాగితం మీద గీతలు కొట్టుకుంటూ కూర్చుంది.

బుధవారం గంజి వంపుతుంటే మొగులమ్మ చెయ్యి కాలింది. పిల్లలు పళ్లాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. టీచర్ చెప్పులు విడిచి వచ్చి గరిటె అందుకుంది. మొదటి ఇద్దరు ముగ్గురు పిల్లలు బిగుసుకున్నారు. తర్వాత ఆకలి గెలిచింది.

"పప్పింకొంచెం!"

"వాడెందుకు ముంగట వడ్డడు?"

"నాకెయ్యి, నాకెయ్యి!"

"గుడ్డేది? గుడ్డేది టీచర్?"

ఆమె గరిటె గాలిలో ఆగిపోయింది. వెనకున్నవాడు "ఇగ పెట్టవా ఏంది?" అన్నాడు. ఆ మాటకు ఆమె మొహం వెలిగింది.

పిల్లలు తిన్నాక పొయ్యి దగ్గరే కూర్చుని కాగితం మీద మొదటి నుంచీ రాసుకుంది. రాస్తూ మాకు వినిపించింది.

"గుడ్డు, ఏది. మొదటి మాట చివర ఉకారం ఉంది. రెండోది అచ్చుతో మొదలైంది. కలిపి అన్నప్పుడు ఆ ఉకారం పోయి ఏకారం నిలిచింది. గుడ్డేది. ఉత్వసంధి. పప్పు, ఇంకొంచెం. పప్పింకొంచెం. అంతే."

"మరి నాకెయ్యి?" అంది మొగులమ్మ, చేతికి పసుపు రాసుకుంటూ.

"అది రాయను. పుస్తకంలో ఆ మాట 'వెయ్యి'. వకారం హల్లు కదా. మీరు దాన్ని ముందే 'ఎయ్యి' చేసుకున్నారు. ఆ కథ వేరే. మొదటి రోజే పిల్లలను తికమక పెట్టకూడదు."

"మా ఎయ్యిని ఇడిచిపెట్టినవా టీచరమ్మా!" అని మొగులమ్మ మూతి తిప్పింది. ఈసారి అండి లేదు.

శుక్రవారం వచ్చింది. ఏడో తరగతిలో వెనక కుర్చీల మీద బయటి బడుల టీచర్లు, మధ్యలో మా సారు. నేను మంచినీళ్లు పెట్టి తలుపు దగ్గర నిలబడ్డాను.

టీచర్ చార్టు తగిలించింది. సూత్రం ముందే చెప్పలేదు. పిల్లల మాటల్లోంచే లాగాలని ఆమె పథకం.

"కొమురయ్యా, పళ్లెంలో గుడ్డు పడకపోతే ఏమని అడుగుతావు?"

వరసలో అందరినీ తోసుకొచ్చే కొమురయ్య లేచి, వెనక్కి చూసి, చేతులు కట్టుకున్నాడు.

"గుడ్డు. ఎక్కడ. ఉన్నది. అండి."

"సత్తెమ్మా, పప్పు చాలకపోతే?"

"పప్పు... ఇంకను... కావలెను అండి."

వెనక ఎవరో దగ్గినట్టు నవ్వారు. ఒకాయన ఏదో రాసుకున్నాడు. ఏ మాటా ఏ మాటతోనూ కలవడం లేదు. కలవని మాటలతో సంధి ఎట్లా చెప్తుంది? ఆమె ఇంకో ఇద్దరిని లేపింది. అదే తంతు. మా సారు నేల చూపులు చూస్తున్నాడు.

ఆమె సుద్దముక్క బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది.

"సంగయ్యా, అన్నం గంట కొట్టు."

నేను సారు వైపు చూశాను.

"మేడమ్, ఇంక టైముంది కద?" అన్నాడాయన.

"పాఠం ఆపట్లేదు సార్. బయటికి తీసుకుపోతున్నాను. మీరందరూ కూడా రావాలి. మొగులమ్మ చెయ్యి కాలింది. వడ్డించడానికి మనుషులు లేరు."

సారు కుర్చీలోంచి లేచాడు. నేను గంట కొట్టాను.

పాకలోంచి మొగులమ్మ గరిటె పట్టుకుని ఉరికి వచ్చింది.

"గిప్పుడేం గంటయ్యా? నీకేమన్న పిచ్చా? పప్పింకా ఉడకలే!"

టీచర్ పొయ్యి పక్కన చల్లారిన బొగ్గు తీసుకుంది. పాక గోడ మీద పెద్దగా రాసింది: పప్పింకా.

పప్పు ఉడకలేదు. పిల్లలు పళ్లాలతో నిలబడ్డారు. కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత పళ్లాలు మోగాయి. పప్పు ఉడకగానే సారు చేతికి గరిటె, తరగతిలో నవ్విన టీచర్ చేతికి గుడ్ల గిన్నె ఇచ్చింది హమీదున్నీసా.

"సార్, పప్పేది?"

"చారిటు పొయ్యుండ్రి!"

"వాడెప్పుడు తిన్నడు? మల్ల నిలబడ్డడు సార్, సూడుండ్రి!"

"నీకెన్ని గుడ్లురా, కొమురయ్యా?" అని గుడ్ల టీచర్ కూడా కసిరింది.

ఒక్కో మాట గోడ మీదికి ఎక్కింది. గుడ్ల టీచర్ మాట కూడా ఎక్కింది. తిన్నాక పిల్లలు గోడ ముందు గుంపుగా కూర్చున్నారు.

"ఇవి మీరన్నవే. ఇప్పుడు విప్పండి."

కొమురయ్య ముందే లేచాడు. "పప్పు, ఏది."

"ఏం పోయింది?"

"పప్పులున్న ఉ పోయింది టీచర్."

"ఏం మిగిలింది?"

"ఏ."

"చారిటు?"

"చారు, ఇటు!" అని అందరూ అరిచారు. "ఉ పోయింది, ఇ ఉంది!"

అప్పుడు సూత్రం రాసింది. ఉకారం తర్వాత అచ్చు వస్తే సంధి తప్పదని చెప్పింది. మళ్లీ వెనక్కి చూసినవాళ్లు ఒక్కరూ లేరు. సత్తెమ్మ తనంతట తానే లేచి, "టీచర్, మొగులు, అమ్మ... మొగులమ్మ! గిదీ గంతేనా?" అంది.

నా భార్య గిన్నెలు సర్దుతున్నదల్లా ఆగి, "నన్నెందుకు ఇరగ్గొడుతున్నవే?" అంది. అందరూ నవ్వారు.

వచ్చిన టీచర్లు వెళ్లేటప్పుడు గోడ మీది మాటలు రాసుకుని పోయారు. మా సారు అంగీ మీద పప్పు మరకతో పాక దగ్గరే నిలబడ్డాడు.

"మేడమ్," అన్నాడు కొంచెం తడబడి. "ఆరో తరగతి తెలుగు కూడా మీరే సూసుకోండ్రి."

టీచర్ మిగిలిన బొగ్గుముక్కను పొయ్యి పక్కన పెట్టింది. చేతుల బొగ్గు కడుక్కోవడానికి నీళ్ల కోసం చూసింది.

"నీళ్లెక్కడ, సంగయ్యా?" అంది.

నేను చెంబు అందించాను.