మీదికొచ్చి పొడిచింది

గుంటూరులో వీరాంజనేయులు గారంత ఇంగ్లీషు వచ్చిన లాయరు లేడని వీరాంజనేయులు గారే చెబుతుంటారు. కాదనే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేదు. జూనియర్ లాయరు స్తుతికి ఆ ధైర్యం ఉంది కానీ, ఇన్నాళ్లూ అవసరం పడలేదు. ఆయన రాసిన అనువాదం చేతికొచ్చిన పూట పడింది.

కేసు సత్తెనపల్లి అవతలి పల్లెటూరిది. రాఘవమ్మ టీచరు తన గేదెను తోలుకుంటూ వెంకటేశ్వరమ్మ మిరప చేలోంచి అడ్డంగా వచ్చింది. మాటా మాటా పెరిగింది. వెంకటేశ్వరమ్మ చెయ్యి చీరుకుపోయింది. టీచరు ఆయుధంతో పొడిచినట్టు పోలీసులు సెక్షన్ వేశారు. ఆ ఆయుధం ఇప్పుడు టీచరు గారి కొట్టంలో తీరిగ్గా నెమరేసుకుంటోంది. అరెస్టయితే మాత్రం టీచరు ఉద్యోగానికి సస్పెన్షన్ తప్పదు. అందుకే హైకోర్టులో ముందస్తు బెయిలు అడుగుతున్నారు. జడ్జి గారికి తెలుగు రాదు కాబట్టి, వెంకటేశ్వరమ్మ ఇచ్చిన ఫిర్యాదును ఇంగ్లీషులోకి మార్చి జతచేయాలి.

స్తుతి ముందు అసలు ఫిర్యాదు చదివింది. "టీచరుగారు గేదెను తోలుకుంటూ నా చేలోంచి వచ్చారు. ఇదేమిటని అడిగితే తిట్టారు. మీదికొచ్చి పొడిచింది. చెయ్యి చీరుకుపోయింది. సిగ్గులేని టీచరుగారు ఒక్క మాటన్నా అనకుండా వెళ్లిపోయారు."

తరవాత ఆయన ఇంగ్లీషు చదివింది. "షీ కేమ్ అపాన్ మీ అండ్ స్టాబ్డ్ మీ." చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫీజు తీసుకుని మరీ సొంత క్లయింటు చేతిలో కత్తి పెట్టిన మహానుభావుడు!

"సార్, ఈ 'షీ' ఎవరండీ?" అంది.

"టీచరమ్మ. ఇంకెవరు?"

ఎదురు కుర్చీలో ఉన్న రాఘవమ్మ ఉలిక్కిపడింది. "నేను పొడవడమేమిటండీ? పొడిచింది గేదె. మీకు మొదటిరోజే చెప్పాను కదా!"

"నిందితులంతా ఏదో ఒకటి చెబుతారమ్మా. అనువాదం అన్నాక ఉన్నదే రాయాలి. గేదె పొడిచిందని ఇందులో ఎక్కడుంది?"

"టీచరుగారు పొడిచిందని మాత్రం ఎక్కడుంది సార్?" అంది స్తుతి. "ఆ వాక్యంలో ఎవరి పేరూ లేదు. తెలుగులో ఆడమనిషికీ గేదెకీ ఒకటే 'పొడిచింది'. మీ ఇంగ్లీషులో 'షీ' వేరు, 'ఇట్' వేరు. ఏదో ఒకటి తేల్చుకుని రాయాలి. మీరు తేల్చుకోలేదు, చేతికందింది రాసేశారు."

"ఏమన్నావూ?"

"చూడండి సార్. టీచరుగారు 'వచ్చారు', 'తిట్టారు', 'వెళ్లిపోయారు'. ఆవిడ విషయంలో ప్రతి క్రియ చివరా 'ఆరు'. 'ఇంది' అన్నది పొడిచినచోటే. 'మీదికొచ్చి పొడిచింది' అంటే వచ్చినదీ పొడిచినదీ ఒకటే. టీచరు గారైతే 'పొడిచారు' అని ఉండేది."

వీరాంజనేయులు గారు కళ్లజోడు తీసి తుడిచారు. ఏమీ తోచనప్పుడు ఆయన చేసే పని అదొక్కటే. "కోపమొస్తే గారూ గీరూ ఎవడికి గుర్తుంటుందమ్మా? పొడిపించుకున్న మనిషి గౌరవం ఇచ్చి మాట్లాడుతుందా?"

ఆ మాటలో పస ఉందని స్తుతికీ అనిపించింది. కోపంలో 'మీరు' 'నువ్వు' కావడం ఎవరెరగనిది? మళ్లీ చదివింది. ఈసారి ఆమె కళ్లు చివరి వాక్యం మీద ఆగాయి.

"ఇక్కడ 'సిగ్గులేని టీచరుగారు' అంది సార్! చెయ్యి చీరుకుపోయాక, తిడుతూ కూడా 'గారు' వదల్లేదు. 'వెళ్లిపోయారు' అనే అంది. అంత కోపంలోనూ పోని గౌరవం, మధ్యలో ఆ ఒక్క ముక్కకే పోయిందంటారా?"

"వెంకటేశ్వరమ్మ నా దగ్గరే చదువుకుందండీ," అంది రాఘవమ్మ. "నన్ను ఎంత తిట్టినా టీచరుగారనే తిడుతుంది."

వీరాంజనేయులు గారు కళ్లజోడు పెట్టుకున్నారు. "ఏదో ఒకటి చెయ్యి. టైమ్ లేదు," అన్నారు.

స్తుతి 'ఇట్' అని రాసింది. కింద మూల క్రియలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి, గౌరవవాచకం ఎక్కడుందో ఎక్కడ లేదో వివరంగా చూపించింది. తెలుగు రాని జడ్జి గారు ఆ వివరణ చదివి, ప్రభుత్వ న్యాయవాదిని ఒకే ప్రశ్న అడిగారు: గేదె ఎవరిదని కాదు, కత్తి ఎక్కడుందని. ఆ న్యాయవాది ఫైలంతా తిరగేశారు; కత్తి ఎక్కడా తగల్లేదు. బెయిలు వచ్చింది.

మర్నాడు ఆఫీసు నిండా క్లయింట్లు. వీరాంజనేయులు గారు కుర్చీలో వెనక్కి వాలి, అందరికీ వినపడేలా చెబుతున్నారు. "అనువాదంలో చిన్న పొరపాటు జరిగింది. వెంటనే కనిపెట్టి సరిదిద్దాం. లేకపోతే టీచరమ్మ ఉద్యోగం గోవిందా!"

కాగితాల కోసం వచ్చిన రాఘవమ్మ తలెత్తింది. ఎన్నేళ్లనుంచో పిల్లల చేత వాక్యాలు దిద్దిస్తున్న గొంతుతో అడిగింది.

"పొరపాటు దానంతటదే జరగదు కదండీ. చేసిందెవరు?"

వీరాంజనేయులు గారి చెయ్యి కళ్లజోడు వైపు వెళ్లింది.

"సారే చేశారండీ," అంది స్తుతి. "దిద్దింది నేను."