రెండు కొలతల ముఖం

అందరూ ఆశాన్ అని, అంటే గురువుగారని, పిలిచే చాత్తుణ్ణికి కుడికంటి శుక్లం తీశారన్న కబురు తెలిసి ఇరింజాలక్కుడ చుట్టుపక్కల కథకళి వాళ్లంతా స్థిమితపడ్డారు. వేషగాడి దవడల వెంట బియ్యప్పిండి, సున్నం కలిపిన ముద్దతో గట్టు కట్టి, ఆ గట్టుకి తెల్లకాగితపు రేకులు నిలబెట్టే పనిని చుట్టి అంటారు. ఆ పనిలో ఆయన చెయ్యి పడితే ముఖానికి నిండుదనం వస్తుందని పేరు. చిన్నప్పటినుంచీ రెండు కళ్లకీ మైనస్ నాలుగు పవరున్న అద్దాలే. ఇప్పుడు కుడికంట్లో పెట్టిన కొత్త కటకం పుణ్యమా అని ఆ కంటికి దూరపు చూపుకి అద్దమే అక్కర్లేకుండా పోయింది. ఎడమకన్ను మాత్రం పాత మైనస్ నాలుగు దగ్గరే ఉంది.

కొత్త కళ్లజోడు పెట్టుకుని వాకిట్లోకి దిగబోయిన ఆశాన్ మెట్టు మీదే ఆగిపోయాడు. మెట్టు ఒక పక్కకి ఒరిగినట్టుంది. వాకిలి ఏటవాలుగా కనిపించింది. గుమ్మం పట్టుకుని కాలితో నేలని తడిమాడు.

"ఏమిటా నడక, పడవలో నించున్నట్టు?" అంది భార్య తంగమణి.

"నేల వాలింది."

"ముప్పై ఏళ్లుగా నేనే అలుకుతున్నా, నాకు కనబడని వాలు మీకు కనబడిందా? కొత్త కన్ను కదా, అలవాటవుతుంది లెండి."

అలవాటు కాలేదు. జోడు పెట్టుకున్నంతసేపూ కణతల్లో నొప్పి. తీసేస్తే కుడికంటికి కొబ్బరిచెట్టు మట్టలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి గానీ, దగ్గరున్నది మసక. ఎడమకంటికి జానెడు దూరంలో సూదిబెజ్జం కూడా కనబడుతుంది గానీ, అంతకు మించి అంతా పొగ. ఎవరైనా వచ్చి "కన్ను ఎలా ఉందాశానే?" అంటే "బాగుంది" అనేవాడు. ఆపరేషన్ పాడైందని ఊరు అనుకుంటే పని పోతుంది. బాగుందని తానే అన్నాక ఇక ఎవరితో చెప్పుకుంటాడు? తెరిచిన రెండు కళ్ల వెనకా తలుపులు మూసి ఎవరో తనని లోపల పెట్టేసినట్టుగా ఉండేది.

అదే వారం ఒక సాయంత్రం ఆట ఉంది. నాయకవేషం ఉణ్ణిదాసన్‌ది. ముఖానికి పచ్చరంగు పూసుకుని వచ్చి చాప మీద వెల్లకిలా పడుకున్నాడు. ముద్ద ఆరేదాకా దవడ కదపకూడదు కాబట్టి, కళ్లు మూసుకుని మౌనంగా ఉండిపోయాడు. ఆశాన్ తలదగ్గర కూర్చుని పని మొదలుపెట్టాడు. జోడులోంచి చూస్తే ఒక చెంప లోపలికి కుంగినట్టుంది. ఇంకోటి తన మీదకి వస్తున్నట్టుంది. కుంగిన వైపు ముద్ద పెంచాడు. అనుమానం వచ్చి జోడు తీసి, ఎడమకంటితోనే వంగి చూశాడు. గీతలు స్పష్టంగానే ఉన్నాయి కానీ గట్టు ఎంత ఎత్తో ఆ ఒక్క కన్ను చెప్పలేకపోయింది. మళ్లీ జోడు పెట్టాడు. వీపంతా చెమట. ఆపి లేచిపోదామంటే ఎదురుగా కళ్లు మూసుకుని ముఖం అప్పగించిన మనిషి. బయట చెండ డోళ్లు మొదలయ్యాయి.

ఉణ్ణిదాసన్ లేచి అద్దం అందుకున్నాడు. ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"ఆశానే, ఒక పక్క రాముడు, ఒక పక్క ఏనుగు చెవా?"

గదిలో ఎవరో నవ్వారు. బృందాన్ని నడిపే నంబీశన్ గబగబా లోపలికొచ్చి చూసి, చుట్టి పని చేసే మరో మనిషితో, "దివాకరా, ఆ పక్క గీకేసి మళ్లీ కట్టు. తెర ఆలస్యమైతే అవనీ" అన్నాడు. తర్వాత ఆశాన్ వైపు తిరిగి, మెల్లగా, "నువ్వు కాసేపు విశ్రాంతి తీసుకో" అన్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఆశాన్‌కి.

వేషం పూర్తయ్యాక ఉణ్ణిదాసనే దగ్గరికి వచ్చాడు. కిరీటం బరువుతో మెడ బిగించి, పెదాలు కదిలీ కదలకుండా, "రేపు పొద్దున్నే ఆస్పత్రికి వెళ్లు. వెళ్లకపోతే నేనే మోసుకెళ్తా" అన్నాడు.

త్రిశ్శూర్ కంటి ఆస్పత్రిలో చూపు పరీక్ష చేసే ఫసీలా ఒక కన్ను మూసి అక్షరాలు చదివించింది. తర్వాత రెండోది. ఆఖరి వరస దాకా చదివేశాడు.

"చూశావా, నేను బాగానే చదివాను. మరి నాకు పిచ్చా?" అన్నాడు ఆశాన్.

"పిచ్చి కాదు మామా. రెండు కళ్లూ తెరిచి ఇది చూడండి."

ఎరుపు, ఆకుపచ్చ అద్దాల జోడు పెట్టి, ఒక కాగితం చూపించింది. దాని మీద ఎదురెదురుగా రెండు అర్ధచంద్రాలు. ఒక్కో కంటికి ఒక్కోటే కనబడుతుంది.

"సమానంగా ఉన్నాయా?"

"లేవు. ఎడమకంటిది చిన్నది."

"కాగితం మీద రెండూ ఒకటే కొలత" అంది ఫసీలా. ఒక మైనస్ కటకం తీసి ఆయన చేతికిచ్చింది. "దీన్ని కంటికి ఆనించి గోడ గడియారం చూడండి. ఇప్పుడు మెల్లగా కంటినుంచి దూరంగా జరపండి."

జరుపుతున్నకొద్దీ గడియారం చిన్నదైపోయింది.

"మైనస్ అద్దం బొమ్మని కుదిస్తుంది. కంటికి ఎంత దూరంలో ఉంటే అంత కుదిస్తుంది. ఇదివరకు మీ రెండు కళ్లకీ ఒకే పవరు, కాబట్టి రెండు బొమ్మలూ సమానంగా కుంచించుకుపోయేవి. ఇప్పుడు ఎడమకంటిది మాత్రమే వందకి ఐదారు పాళ్లు తగ్గింది. బొమ్మలు రెండూ స్పష్టమే. కానీ మెదడు వాటిని ఒకదాని మీద ఒకటి అతికించలేకపోతోంది. అందుకే నేల వాలడం, తలనొప్పి."

ఆశాన్ కటకం తిరిగిచ్చేశాడు. కళ్లు తుడుచుకున్నాడు. తన చేతిలో తప్పు లేదని ఎవరో చెప్పడం ఆ వారంలో అదే మొదలు.

"అయితే ఆ ఎడమదీ కోసెయ్యండి."

"శుక్లం ఇంకా ముదరలేదు, పైగా ఇప్పుడు రక్తంలో చక్కెర ఎక్కువుంది. అది దిగాక చూద్దామన్నారు డాక్టరుగారు. అందాకా ఆ కంటికి కాంటాక్ట్ లెన్స్ పెట్టుకోండి. అది కంటి మీదే కూర్చుంటుంది కాబట్టి బొమ్మని పెద్దగా కుదించదు. దగ్గరి పనికి రెండు కళ్లకీ ఒకే పవరు అద్దాలిస్తాను."

"కంట్లో వస్తువు పెట్టుకోవడమా!"

"కుడికంట్లో ఇప్పటికే ఒకటుంది మామా."

నవ్వాడు గానీ, ఇంటికొచ్చాక నవ్వు మిగల్లేదు. సున్నానికి కాయలు కాసిన వేళ్లు ఆయనవి. వేలు దగ్గరికి రాగానే రెప్ప పడిపోయేది. లెన్స్ చెంప మీదకి జారేది, మళ్లీ మందునీళ్లలో కడిగి, మళ్లీ మొదటినుంచి. ఓసారి విసిగి, అద్దం బోర్లా తిప్పేశాడు.

"పడుకోండి" అంది తంగమణి, చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి.

"నీకు చేతకాదు."

"మీకూ చేతకాలేదుగా. కదలకండి."

ఆవిడ మోకాళ్ల దగ్గర తల పెట్టి పడుకున్నాడు. పైనుంచి వేలు దిగుతుంటే భయంతో చాప అంచు పట్టుకున్నాడు. చల్లగా ఏదో తాకింది. రెప్ప కొట్టాడు, నీళ్లు కారాయి. లేచి వాకిట్లోకి చూశాడు. మెట్టు మెట్టులాగే ఉంది. దిగాడు. అరుగు చుట్టూ తిరిగొచ్చాడు. తంగమణి చెంగుతో మూతి కప్పుకుని ఏడుస్తోంది.

తర్వాతి ఆటకి ఉణ్ణిదాసన్ ముఖం దివాకరన్ చేతికే వెళ్లింది. నంబీశన్ ఆశాన్‌కి ఒక చిన్న వేషగాడి ముఖం అప్పగించాడు. దగ్గరి పని అద్దాలు పెట్టుకుని కూర్చుని కట్టాడు. రెండు దవడలూ సమంగా వచ్చాయి. నంబీశన్ అటొకసారి, ఇటొకసారి చూసి, "వచ్చే నెల ఉణ్ణిదాసన్‌ది నువ్వే" అన్నాడు.

ఆ మాట వినేసరికే ఎడమకన్ను ఎర్రబడి మండుతోంది. పొద్దుటినుంచీ పెట్టుకున్న లెన్స్ తీయక తప్పలేదు. తీశాక మళ్లీ అదే పాత పొగ. వానాకాలం వెళ్లి, చక్కెర దిగి, రెండో ఆపరేషన్ అయ్యేదాకా ఇలా అరువు తెచ్చుకున్న గంటల్లోనే పని చేసుకోవాలి. ఆ మంటకి కుడికంట్లోనూ నీళ్లు నిండి చూపు నిలవక, రంగస్థలం వైపు వెళ్లలేక, అలంకరణ గది గోడకి ఆనుకుని కూర్చుని, ఎడమకన్ను మూసుకుని, తను కట్టిన ముఖం దీపం ముందు ఎలా ఉందో ఆట చూసి వచ్చిన తంగమణిని అడిగి తెలుసుకున్నాడు.