నలభైలో యు లేదు

ప్రొద్దుటూరులో లక్ష్మీనరసయ్యకు నూనెల వ్యాపారంతో పాటు ఒక ఇంగ్లీషు మీడియం బడి కూడా ఉంది. బడి పెట్టి నలభై ఏళ్లయిందని, గేటు పక్కన రెండు స్తంభాల మధ్య ఆరడుగుల నల్లబండ నిలబెట్టించాలనుకున్నాడు. దాని మీద ఏం చెక్కాలో తానే కాగితం మీద రాశాడు. ఒకసారి ఇంగ్లీషు టీచరు హిమబిందుకు చూపిద్దామని గుమాస్తా ధనుంజయ అన్నాడు.

"నలబై ఏండ్లుగా బడి నడుపుతాండా. నలబై అని రాసేదానికి నాకు టీచరు కావాల్నా?" అన్నాడు లక్ష్మీనరసయ్య.

కాగితం యర్రగుంట్లలో పెద్ద ఈరన్న దగ్గరికి వెళ్లింది. ఈరన్న ఆదోని వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా బండల మీద అక్షరాలు చెక్కుతున్నాడు. ఇంగ్లీషు రాదు. రాకపోవడమే మేలని అతని నమ్మకం, వచ్చినవాడు సొంత తెలివి వాడతాడు కాబట్టి. కాగితంలో ఎట్లా ఉందో అట్లాగే, ఒక గీత కూడా పొల్లు పోకుండా FOURTIETH ANNIVERSARY అని చెక్కి ఇచ్చాడు.

లక్ష్మీనరసయ్య భార్య సుబ్బరత్నమ్మ బండకు పసుపు రాసి, అక్షరం అక్షరానికీ కుంకుమ బొట్టు పెట్టి, టెంకాయ కొట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. హిమబిందు చేతులు మాత్రం మధ్యలో ఆగిపోయాయి. జనం పోయాక ఆమె యజమాని దగ్గరికి వెళ్లింది.

"సార్, ఒక అక్షరం ఎక్కువ పడింది. ఫోర్‌లో యు ఉంటాది, ఫోర్టీన్‌లో ఉంటాది. ఫోర్టీలో ఉండదు. ఫోర్టియెత్‌లోనూ ఉండదు."

"అదేందమ్మా! నాలుగులో ఉండాది, పద్నాలుగులో ఉండాది. నలబైకి వచ్చేసరికి యాడికి పోయింది?"

"పోయింది సార్."

"అదే, యాడికి?"

హిమబిందు దగ్గర దానికి జవాబు లేదు. జవాబు లేని మాట వ్యాపారంలో చెల్లదని లక్ష్మీనరసయ్య అభిప్రాయం. ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

ఆ వారమే ఏడో తరగతికి చిన్న పరీక్ష పెట్టింది హిమబిందు. అంకెలిచ్చి అక్షరాల్లో రాయమంది. ముప్పై ఒక్కమంది పిల్లల్లో ఇరవై ఆరుగురు fourty అని రాశారు. ఆమె ఇరవై ఆరు మార్కులు కోసింది. మరునాడు పొద్దున్నే గంగక్క అనే ఒక తల్లి తన కూతురి పేపరు పట్టుకుని గేటు దగ్గర నిలబడింది. ఆమె బట్టల అంగడిలో పనిచేస్తుంది, నోరు పెద్దది.

"మీ రాయి మీద ఉండేదే మా పాప రాసింది. మీరు టెంకాయ కొడితే ఒప్పు, మా పాప రాస్తే తప్పా? ఫస్టు ఆ రాయికి మార్కులు కొయ్యి టీచరమ్మా!"

వెనకనున్న తల్లిదండ్రులంతా న్యాయమేనన్నారు. లక్ష్మీనరసయ్యకు ఆ మాట శానా నచ్చింది. మధ్యాహ్నానికల్లా సర్క్యులర్ వచ్చింది: ఈ బడిలో యు ఉన్న నలభై, యు లేని నలభై రెండూ ఒప్పే.

అక్కడినుంచి పిల్లలు ఆలోచించడం మొదలుపెట్టారు. నాలుగులోని యు పోనక్కర లేకపోతే తొమ్మిదిలోని ఇ మాత్రం ఎందుకు పోవాలని ninth బదులు nineth రాశారు. ట్వెల్వ్‌కు టి, హెచ్ కలిపి twelveth చేశారు. eight చివర ఒక టి ఉంది, కలిపేదాంట్లో ఇంకో టి ఉంది, రెండూ ఉండాల్సిందేనని eightth రాశారు. ఒక పిల్ల ninety బదులు ninty అని రాసి, "అక్కడ యు ఎక్కువ తీసుకున్నాం గదా మిస్, ఈడ ఇ తిరిగిచ్చేసినా" అంది.

హిమబిందు బోర్డు మీద ఒక్కొక్కటీ రాసింది. నైంటీలో ఇ ఉంటుంది, నైన్త్‌లో పోతుంది. ట్వెల్వ్‌లోని వి, ఇ పోయి ఎఫ్ వస్తుంది. ఎయిత్‌లో టి ఒక్కటే.

"ఎందుకు మిస్?"

"ఎందుకని అడగొద్దు. చూసి గుర్తుపెట్టుకోండి."

"చూసే రాస్తాండాం మిస్, గేటు కాడ" అన్నారు పిల్లలు.

అదే నెలలో కడపలో స్పెల్లింగు పోటీ జరిగింది. లక్ష్మీనరసయ్య మనవరాలు శ్రీవాసవి అదే ఏడో తరగతి. తాత దగ్గరుండి కారులో తీసుకుపోయాడు. ఆ పిల్ల నైంటీ గట్టెక్కింది. ఎయిత్ చెప్పింది. ట్వెల్త్‌లో ఎఫ్ మరిచిపోలేదు. చివరికి ఇద్దరే మిగిలారు. అప్పుడు ఫోర్టీ అడిగారు. శ్రీవాసవి ముందు వరుసలో కూర్చున్న తాతవైపు చూసి, "ఎఫ్, ఓ... యు" అంది.

తిరుగు ప్రయాణంలో మైదుకూరు దాటాక తాత అడిగాడు.

"టీచరు చెప్పలేదా పాపా?"

"చెప్పింది తాతా. యు లేదని నాకు తెలుసు. అయినా నువ్వు బండ మీద చెక్కించినావు గదా. అవ్వ దానికి బొట్టు కూడా పెట్టింది. నీ ముందర ఎట్ల తీసేసేది?"

ఆ పూట లక్ష్మీనరసయ్య అన్నం కూడా సరిగా తినలేదు.

మరునాడు ఈరన్నను పిలిపించాడు.

"ఈ ఒక్క అక్షరం తీసెయ్యప్పా."

"అక్షరమంటే గుంత గదా సామీ. గుంతను తీసేదెట్ల? ఇంకా లోతయితాది."

"సిమెంటు పూస్తే?"

"నున్నటి బండ. ఒక్క వానకు ఊడిపోతాది."

కొత్త బండ పెడదామంటే సుబ్బరత్నమ్మ ఒప్పుకోలేదు. పూజ చేసిన రాయిని పెరికితే ఇంటికి మంచిది కాదంది. చివరికి ఈరన్నే దారి చెప్పాడు. బండకు రెండు ముఖాలున్నాయి. వెనకవైపు నున్నగా చేసి మళ్లీ చెక్కుతానన్నాడు. చెక్కేంతసేపు దించితే పెరికినట్టు కాదని సుబ్బరత్నమ్మ కూడా సరేనంది.

ఈసారి కాగితం హిమబిందు రాసింది. లక్ష్మీనరసయ్య చదివాడు, ధనుంజయ చదివాడు, శ్రీవాసవి చదివింది. ఈరన్న మాత్రం వేలితో అక్షరాలు లెక్కపెట్టి తల గోక్కున్నాడు.

"మొదటి మాటలో పోయినసారి తొమ్మిది ఉండె. ఇప్పుడు ఎనిమిదే ఉండాయి. ఒకటి తగ్గిందే?"

"తగ్గాల!" అని నలుగురూ ఒక్కసారి అరిచారు.

బండ తయారైంది. స్తంభాల మధ్యకు ఎత్తేటప్పుడు అసలు తగువు వచ్చింది. ఏ ముఖం రోడ్డువైపు, ఏ ముఖం బడివైపు? ఒప్పు రోడ్డుకే ఉండాలని ధనుంజయ పట్టుబట్టాడు. బస్సుల్లో పోయేవాళ్లు, అడ్మిషన్లకు వచ్చేవాళ్లు, అంగళ్లవాళ్లు అందరూ చూసేది అటే. పిల్లలు రోజంతా చూసేది ఇటు కాబట్టి ఒప్పు ఇటే ఉండాలని హిమబిందు అంది. నలుగురు కూలీలు బండను భుజాల మీద మోస్తూ అటూ ఇటూ తిరుగుతున్నారు.

"తొందరగా చెప్పండప్పా, భుజాలు పోతాండాయి!" అని ఈరన్న కేకేశాడు.

లక్ష్మీనరసయ్య రోడ్డు చూశాడు, బడి చూశాడు.

"ఒప్పు లోపలికి పెట్టు" అన్నాడు.

"అయ్యా, బయట ఊరంతా చూస్తాది" అన్నాడు ధనుంజయ.

"చూడనీలే. ఊరేమన్నా నా బడిలో పరీక్ష రాస్తాదా?"

ఆ సాయంత్రమే సర్క్యులర్‌ను వెనక్కి తీసుకున్నాడు. ఊరు మాత్రం చూసింది. సాటి వ్యాపారులు ఫోటోలు తీసి గ్రూపుల్లో పెట్టారు. పక్క బడి యజమాని పని కట్టుకుని రెండుసార్లు ఫోన్ చేసి పరామర్శించాడు. నాలుగు రోజులు లక్ష్మీనరసయ్య ఇంట్లోంచి కదల్లేదు. ఐదో రోజు గేటు బయట కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. బండ చూసి ఎవరైనా నవ్వితే, "తప్పే. నేను రాసిందే. ఒప్పు లోపల ఉండాది, రాప్పా చూద్దువు" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయేవాడు. లోపలికి వచ్చినవాళ్లు వెంటనే పోలేక తరగతులు కూడా చూసి వెళ్లేవాళ్లు.

నెలాఖరులో హిమబిందు మళ్లీ పరీక్ష పెట్టింది. ముప్పై ఒక్కమందీ forty సరిగ్గా రాశారు. అయితే పంతొమ్మిది మంది పద్నాలుగును forteen అని రాశారు.

ఆమె పేపర్లు తెచ్చి చూపిస్తే లక్ష్మీనరసయ్య కళ్లజోడు సర్దుకుని ఒక్కొక్కటీ చదివాడు. ఆ తర్వాత కుర్చీ కదిలిపోయేలా నవ్వాడు. ఎన్నో రోజుల తర్వాత నవ్వాడు.

"టీచరమ్మా, కొయ్యి. ఒక్కటి కూడా వదలొద్దు. గంగక్క వస్తే నేను మాట్లాడుకుంటా."