అలవాటు వారం

సోమవారం ఆమె ఆఫీసులో తిరిగి చేరాలి. ఇక ఒక్క రోజు కూడా సెలవు పొడిగించేది లేదని మేనేజరు తేల్చి చెప్పేశాడు. ఏడాదిన్నర పాపను ఎక్కడ దిగబెట్టాలన్నది మాత్రం గురువారం దాకా తేలలేదు.

ఆమె భర్తది హార్డ్‌వేర్ షాపు. మేకు నుంచి మోటారు దాకా నాలుగు వేల రకాల సరుకు; ఏది ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలడు. పాప విషయంలోనూ ముందు లెక్కే తీశాడు. ఇంటి వెనక వీధిలో ఉన్న క్రెష్‌కి షాపు నుంచి నాలుగు నిమిషాల నడక. ఆమె ఆఫీసు పక్కనున్నదానికి బస్సులో నలభై.

"పోను నలభై, రాను నలభై. ఆ రద్దీలో పసిదాన్ని చంకనేసుకుని వెళ్తావా?"

"వెళ్తాను. మధ్యాహ్నం జ్వరమొచ్చిందని ఫోన్ వస్తే లిఫ్టు దిగి ఐదు నిమిషాల్లో అక్కడుంటాను."

"ఇక్కడైతే నాలుగు నిమిషాల్లో నేనుంటాగా."

"మీరా? కౌంటరు ముందు ఒక్క మనిషి నిలబడితే చాలు, మీ నాలుగు నిమిషాలు నలభై అవుతాయి. అన్నానికి పిలిస్తేనే గంటకి వస్తారు!"

ఆ లెక్క తప్పనడానికి అతని దగ్గర రుజువేదీ లేదు.

శుక్రవారం పొద్దున ఇంటి దగ్గరిది చూశారు. కొత్త రంగు, కొత్త బొమ్మలు, గదికో కెమెరా. పాపను ఫోన్‌లో ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చట. అతని ప్రాణం లేచొచ్చింది.

"పిల్లలు ఎనిమిది మంది, ఆయాలు ఇద్దరు" అంది నిర్వాహకురాలు.

అతను తలూపుతూనే గుమ్మం పక్క అర వైపు చూశాడు. సరుకు దిగితే బిల్లు చదవకముందే పెట్టెలు లెక్కపెట్టడం అతని అలవాటు. బుల్లి చెప్పుల జతలు పద్నాలుగున్నాయి. లోపల కనబడుతున్న ఆయా ఒక్కతే.

"రెండో ఆవిడేరీ?"

"ఇవాళ ఒక్కరోజే సెలవండీ."

బయటికి రాగానే అతను పాపను ఎత్తుకున్నాడు. "పద, బస్సెక్కుదాం."

ఆఫీసు పక్కనున్నది పాత ఇల్లు. గోడ మీద రంగు పెచ్చులూడింది. బొమ్మ ఏనుగుకి ఒక చెవి లేదు. పిల్లలు తొమ్మిది మందన్నారు. చెప్పులూ తొమ్మిది జతలే. ఆయాలు ముగ్గురు. అది పడుకునే వేళ కావడంతో చప్పుడు చెయ్యకుండా గుమ్మంలో నిలబడమన్నారు.

మసక వెలుతురులో, పిల్లలంతా పెద్దమ్మ అని పిలిచే ముసలి ఆయా చాపల మధ్య మోకాళ్ల మీద కదులుతోంది. ఒకడి చెవి తమ్మెను రెండు వేళ్ల మధ్య మెల్లగా నిమిరింది. ఒకమ్మాయిని గోడ వైపు తిప్పి వీపు మీద అరచెయ్యి ఆనించి ఉంచింది. ఇంకొకడికి తన చీర కొంగు చివర ఇచ్చి, వాడు పట్టు వదిలేదాకా కదలకుండా కూర్చుంది. చిన్న కునుకు పట్టినవాళ్ల దగ్గరికి మళ్లీ వచ్చి, ఊపిరి చూసి, పుస్తకంలో టైము రాసుకుంది. ఒక్కొక్కరుగా తొమ్మిది మందీ నిద్రలోకి జారుకున్నారు.

అతని సరుకు పెట్టినచోటే పడుంటుంది. వీళ్లు రోజుకో రకంగా పెరుగుతారు, అలుగుతారు, మారతారు. ఇంతమంది నిద్ర ఈమెకి ఎలా తెలుసు!

పెద్దమ్మ బయటికొచ్చింది. పాపను పలకరించలేదు, చేతులు చాపలేదు. పాప తల్లిదండ్రుల వైపే చూసి, "మీ అమ్మాయి దేన్ని పట్టుకుని పడుకుంటుంది?" అంది గొంతు తగ్గించి.

అతను భార్య వైపు చూశాడు.

"నా జడ కొసని" అంది భార్య.

"సరే. జడకి బదులు ఏదో ఒకటి పాపే వెతుక్కుంటుంది, మనం కనిపెట్టుకుని ఉండాలి."

"సోమవారం పొద్దున దింపేస్తామండీ" అన్నాడతను.

"అలా కుదరదు బాబూ. మొదటి వారం అలవాటు వారం. ఇంట్లోవాళ్లు ఒకరు వచ్చి కూర్చోవాలి. తొలిరోజు గంట, మర్నాడు రెండు గంటలు. శుక్రవారానికి గానీ పూర్తిగా వదలనివ్వం."

భార్య ముఖం పాలిపోయింది. సోమవారం ఆమె సీట్లో ఉండి తీరాలి.

"నేను కూర్చుంటాను" అన్నాడతను.

"షాపో?"

"మూస్తాను."

"మన పెళ్లికి కూడా ఒక్క పూటే మూశారు!"

"అప్పుడు సీజను" అన్నాడు సిగ్గుపడుతూ.

సోమవారం భార్య లిఫ్టెక్కి పైకి వెళ్లింది. అతను క్రెష్ గదిలో నేల మీద గోడకానుకుని కూర్చున్నాడు.

"పిలవకండి, నవ్వించకండి. ఇంట్లో బీరువాలా ఉండండి. ఉన్నారన్న ధీమా ఉంటే చాలు" అని చెప్పింది పెద్దమ్మ. తను కూడా పాపకి వీపు తిప్పి కూర్చుని చెక్క దిమ్మలు ఒకదాని మీదొకటి పేర్చుకోసాగింది.

పాప అతని చొక్కా పట్టుకుని చాలాసేపు చూసింది. రెండడుగులు వేసి వెనక్కి చూసింది. ఉన్నాడు. మరో నాలుగు వేసి చూసింది. ఉన్నాడు. జేబులో ఫోన్ వణికింది, అతను కదల్లేదు. పెద్దమ్మ పక్కకు చేరి పాప ఒక దిమ్మ తీసి పైన పెట్టింది. అది నిలబడింది. ఇంకొకటి అందుకుంది.

ఈసారి వెనక్కి చూడలేదు. ఎవరూ పిలవకుండా, ఎవరూ లాగకుండా, తన బిడ్డ తనంతట తనే లోకంలోకి అడుగుపెట్టడాన్ని అతను ఊపిరి బిగబట్టి, బీరువాలా కూర్చుని చూశాడు.