రెండు దెబ్బల ఖాళీ

పెళ్లి వీడియోలు ఎడిటింగ్‌లో కోసీ కోసీ అతని చేతికి ఒకటే అలవాటైంది. తాళం దెబ్బ పడితే బొమ్మ మారాలి. పోయిన భార్య పాడిన భజననూ అలాగే కోశాడు. మర్నాడు ఆమె సంస్మరణకు భజన బృందం హాల్లో వెయ్యాల్సిన వీడియో అది.

మధ్యాహ్నం మరదలు స్టూడియోకి వచ్చింది. ఇరవై ఏళ్లు అక్క పక్కన కూర్చుని వంత పాడిన మనిషి. సగం కూడా చూడలేదు.

"ఆపు బావా! మా అక్క భజన చేస్తోందా, ఎవరి రిసెప్షన్‌లోనో గంతులేస్తున్నారా?"

"ఒక్క కట్ తాళం తప్పితే చూపించు."

"అదే నీ రోగం. పువ్వు, చప్పట్లు, మొహం, మళ్లీ పువ్వు. కళ్లు తిరిగాయి. దాని మొహం ఒక్క క్షణం కుదురుగా చూడనిచ్చావా?"

అతను మళ్లీ మొదటి నుంచి వేసి చూశాడు. చిడతల్లో తాళం ఉంది, చప్పట్లలో ఉంది. మళ్లీ కట్‌లలోనూ పెడితే గంతులే మరి. దెబ్బదెబ్బకీ పెట్టుకున్న గుర్తులన్నీ చెరిపేశాడు. చరణం ఎత్తుకునే చోట మాత్రమే బొమ్మ మార్చాడు, అదీ ఒకటి ఇంకోదానిలోకి మెల్లగా కరిగేలా. చివర్లో పాట జోరందుకునే చోట అసలు కొయ్యలేదు. ఊగే చేతుల మీదే ఉంచేశాడు.

మరదలు ఈసారి కదలకుండా చూసింది.

"ఇప్పుడు బాగుంది. మరి రెండో చరణంలో అక్క ఆగింది కదా, అదేది?"

"తీసేశాను. రెండు దెబ్బలు తప్పింది."

"తప్పడమేంటి? ఊపిరి అందలేదు. అది తేరుకునేదాకా మేమంతా చిడతలు ఆపేసి కూర్చున్నాం. తెలియంది నీకొక్కడికే."

అప్పుడు తెలియలేదు. నాలుగు నెలలకు, ఆస్పత్రిలో తెలిసింది.

అతుకు మీద కప్పిన పువ్వుల బొమ్మ తీసేసి, కోసిన ముక్కను మళ్లీ తెచ్చి అతికించాడు. తెర మీద ఆమె నోరు తెరుచుకుంది. చిడతలు ఒళ్లోకి జారాయి. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో కెమెరా వెనక నుంచి అతని గొంతు:

"తాళం పోయింది. చూసుకో."

ఆమె తలెత్తి నేరుగా కెమెరాలోకి చూసింది. తప్పు చేసి దొరికిపోయినట్టు నవ్వింది. చిడతలు వెతుక్కుని మళ్లీ ఎత్తుకుంది.

మరదలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నీ మాట తీసెయ్యి బావా. రేపు అందరూ వింటారు."

"ఒక్క మైకే పెట్టాను. నా మాటా, దాని ఊపిరీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నాది నొక్కేస్తే దానిదీ పోతుంది."

"అందుకేనా మొత్తానికే కోసేశావు?"

అతను ఇంకోసారి వేసి విన్నాడు. మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు.

"విననీ," అన్నాడు.

ఆ బొమ్మ మీద ఒక్క కట్ కూడా పెట్టలేదు.