పరగడుపున మింగిన మాత్ర

జూన్ పన్నెండు రాత్రి ఆయన తిన్నది రెండు రొట్టెలు, కాస్త కూర అని ఆవిడకు ఇప్పటికీ గుర్తే. మర్నాడు హెర్నియా ఆపరేషన్. అర్ధరాత్రి దాటాక ఏమీ తినకూడదనీ, పొద్దున షుగర్ మాత్ర వేసుకోకూడదనీ మత్తు డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. అయినా తెల్లారేసరికి ఏళ్ల అలవాటు కొద్దీ ఆవిడ చెయ్యి బ్రష్షు పక్కన మాత్ర పెట్టేసింది. ఆయన గుటుక్కున మింగేశాడు.

వార్డుకు వచ్చాక ఆయనకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. నర్సు వేలు గుచ్చి చూస్తే షుగర్ యాభై ఎనిమిది. వెంటనే నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు.

"మాత్ర వేసుకున్నారా, తాతగారూ?" అంది డాక్టరమ్మ.

"నేనే వేసుకున్నానమ్మా, బుద్ధి గడ్డి తిని."

"గడ్డి కూడా తినొద్దన్నానుగా!"

భార్య అడ్డొచ్చింది. "ఆయన తప్పేం లేదమ్మా, పెట్టింది నేనే. ఇప్పుడు ఆపరేషన్ ఆగిపోతుందా?"

"చెప్పడం మంచిదైంది. ఈ మాత్ర ప్రభావం చాలాసేపు ఉంటుంది. గంటగంటకీ చూస్తాం, నిలకడగా ఉంటే మధ్యాహ్నం చేద్దాం."

నిలకడగానే ఉంది. ఆపరేషన్ సవ్యంగా జరిగింది. సాయంత్రం షుగర్ నూట అరవై ఎనిమిది అనగానే ఆవిడ లబలబలాడింది.

"ఇంట్లో పరగడుపున నూట ఇరవై దాటనివ్వను తల్లీ!"

"ఇక్కడ నూట నలభై, నూట ఎనభై మధ్య ఉంటే మాకు హాయి, అమ్మమ్మా. మరీ పడిపోతేనే భయం," అంది డాక్టరమ్మ.

"విన్నావా? ఇక ఇక్కడే కాపురం పెడదాం," అన్నాడాయన మగతగా.

"నోర్మూసుకుని పడుకోండి. నా తప్పు నెత్తినేసుకున్న మొనగాడు!" అంటూ ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

నర్సు దీపం తగ్గించి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకు వేసింది.