లోపం ముందు చెప్పే కొట్టు

తెనాలిలో జానీ బీ చీరల కొట్టుకు ఒక ఆనవాయితీ ఉంది. ముందు చీరలో లోపం చెప్పాలి, ఆ తర్వాతే ధర. "ఈ మెరూన్ మొదటి ఉతుకులో రంగు దిగుతుందమ్మా, విడిగా ఉతుక్కో" అనేది. ఇలా అయితే బేరాలు పోతాయని పక్క కొట్లవాళ్లు నవ్వుకున్నారు. నవ్విన నాపచేనే పండుతుందన్నట్టు, ఆవిడ మాట మీద నమ్మకంతోనే ఆ కొట్టు నిలబడింది.

రెండువేల ఏడులో చెల్లెలి కొడుకు ఇమ్తియాజ్ ఇంటర్నెట్‌లో కూడా కొట్టు తెరుద్దామన్నాడు.

"ముట్టుకోకుండా చీరెవరు కొంటార్రా?"

"నీ మాట వింటే కొంటారు ఖాలా. సైటు నిండా నీ మాటే పెడతా."

పొగిడితే ఎవరికి చేదు? జానీ బీ ఒప్పేసుకుంది. అసలు రంగు మారకూడదని వాడు చీరల్ని కిటికీ దగ్గర, పగటి వెలుగులో ఫోటోలు తీశాడు. ఆవిడ చెప్పిన లోపాన్ని ప్రతి ఫోటో కింద ఉన్నదున్నట్టు రాశాడు. 'కొనండి' అని ఉన్నచోట 'కట్టిపెట్టమంటారా?' అని మార్పించింది జానీ బీ. తన కొట్లో ఎవర్నీ కొనమని అడిగే అలవాటు లేదు మరి. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి ఆర్డర్లు వచ్చాయి. మీ కొట్లో కూర్చున్నట్టే ఉందండీ అని ఫోన్లు చేసేవాళ్లు. ఆవిడ మురిసిపోయేది.

ఏడాది తిరిగాక బాపట్ల నుంచి పాత ఖాతాదారు అనసూయ టీచరు ఒక చీర పట్టుకుని వచ్చింది.

"సైట్లో తెప్పించుకున్నానండి. కొంగు దగ్గర పోగు తేలిందని రాశారు. ఎంత వెతికినా కనబళ్లేదు."

జానీ బీ చీర విప్పింది. అది తన కొట్లోది కాదు. చేతిమగ్గం మీద బట్టను సాగదీసి పట్టే సూదుల గుర్తులు అంచుల్లో ఎక్కడా లేవు. మరమగ్గం మీద నేసిన చీర. చేతినేత అని నమ్మించడానికి ఇమ్తియాజ్ లేని లోపాన్ని కల్పించి, అచ్చం ఆవిడ మాట్లాడినట్టే రాశాడు.

పిలిచి నిలదీస్తే వాడు తలైనా దించుకోలేదు.

"ఆర్డర్లకి సరిపడా చేనేత దొరకట్లేదు ఖాలా. చిన్న లోపం చెబితేనే జనం నమ్ముతున్నారు. నీలాగే రాశాగా."

"తీసెయ్. సైటు మొత్తం తీసెయ్."

"అది నా పేరు మీద ఉంది. నీకు కొట్టుందిగా."

ఎత్తి పెంచిన పిల్లాడు. సరుకు ఎత్తుకుపోయినా జానీ బీ ఇంత బాధపడేది కాదు.

అనసూయ అక్కడే కూర్చుని అన్నీ వింటూనే ఉంది. జానీ బీ బీరువాలోంచి చీరాల చేనేత చీర ఒకటి తీసి ఆవిడ ముందు పరిచింది. "దీనికి కుచ్చిళ్ల దగ్గర ఒక పోగు వదులుగా ఉందమ్మా" అని అలవాటుగా మొదలుపెట్టింది.

అనసూయ చీర వైపు చూడలేదు. ఆవిడ ముఖంలోకే చూసింది.

"ఏమనుకోకండి. ఇది నిజంగా ఉందా?"

చూపిద్దామని మడత విప్పబోయి జానీ బీ ఆగింది. ఇన్నేళ్లలో ఆ కొట్లో ఎవరూ లోపం చూపించమని అడగలేదు.